పోయింది కాగితమే, పదో తరగతి కాదు

పదో తరగతి సర్టిఫికెట్‌ కనిపించడం లేదని తెలిసిన ఇంట్లో మొదట వెతుకులాట మొదలవుతుంది, ఆ వెంటనే ఎవరు పోగొట్టారన్న విచారణ. రెండూ తేలకముందే ఎవరో ఒక బంధువు వచ్చి, ఎఫ్‌ఐఆర్‌ చేయించాలని, పేపర్లో ప్రకటన వేయించాలని, తనకు తెలిసిన మనిషి ఒకడు ఆఫీసులో ఉన్నాడని ఒక్క ఊపిరిలో చెప్పేస్తాడు. మొదటి రెండూ చాలాసార్లు అక్కర్లేదు. మూడోది ఎప్పుడూ అక్కర్లేదు.

ముందు తెలుసుకోవలసింది వేరే ఉంది. మన బీరువాలో ఉండే సర్టిఫికెట్‌ ఒక రిజిస్టరులోని వరుసకు ప్రతి. బ్యాంకు పాస్‌బుక్‌ పోతే ఖాతాలో డబ్బు పోనట్టే, సర్టిఫికెట్‌ పోయినా ఆ వరుస చెక్కుచెదరదు. పదో తరగతి విషయంలో అలాంటి రిజిస్టర్లు రెండు. ఒకటి మనం చదివిన బడిలోని ప్రవేశ రిజిస్టరు, అంటే అడ్మిషన్‌ రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ మొదట రాసేది అందులోనే. రెండోది పరీక్ష నడిపిన ప్రభుత్వ పరీక్షల సంచాలకుల కార్యాలయంలోని, అంటే మనం బోర్డు అనేచోటి, మార్కుల రిజిస్టరు. డూప్లికేట్‌ ఇవ్వడమంటే ఈ రెండో రిజిస్టరులో మన వరుస వెతికి, దాన్ని మళ్లీ కాగితం మీదికి ఎత్తడం. కాబట్టి ఈ పనంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఆ వరుస దొరికేదెలా? అడుగుతున్నది నిజంగా ఆ వరుస తాలూకు మనిషేనా? అఫిడవిట్‌, పోలీసు కాగితం, హెడ్‌మాస్టరు సంతకం, అన్నీ ఈ రెంటికి జవాబు చెప్పడానికే. ఇది గుర్తుంటే ఏ కాగితం ఎందుకు అడుగుతున్నారో తెలుస్తుంది, ఏది అనవసరంగా అడుగుతున్నారో కూడా తెలుస్తుంది.

అసలు కావలసింది ఏది?

డూప్లికేట్‌కు పరుగెత్తే ముందు, మనల్ని సర్టిఫికెట్‌ అడిగిన ఆఫీసుకు నిజంగా కావలసింది ఏమిటో కనుక్కోవాలి. "ఒరిజినల్‌ తెండి" అనేది కౌంటరు మీద అలవాటుగా వచ్చే మాట. దాని వెనక నాలుగు వేర్వేరు అవసరాలు ఉండవచ్చు.

మొదటిది, జిరాక్స్‌ మీద మన సంతకమే మనం పెట్టి ఇచ్చేది. ఒకప్పుడు దీనికి గెజిటెడ్‌ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం కావాలి. దానికోసం వెటర్నరీ డాక్టరు దగ్గర పశువుల వెనక క్యూలో నిలబడ్డ తరం ఇంకా ఉద్యోగాల్లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వం స్వీయ ధృవీకరణ చాలన్నాక ఆ క్యూ చాలావరకు తగ్గింది. జిరాక్స్‌ ఒక్కటి దొరికినా, దరఖాస్తు దశ దీనితోనే గడిచిపోతుంది.

రెండోది ధృవీకృత నకలు, జనం వాడుకలో సర్టిఫైడ్‌ కాపీ. ప్రభుత్వ రికార్డు ఎవరి అధీనంలో ఉందో ఆ అధికారి దాని నకలు తీసి, అడుగున ఇది యథార్థమైన నకలని రాసి, తేదీ, సంతకం, తన పేరు, హోదా, కార్యాలయ ముద్ర వేసి ఇస్తాడు. చూసే హక్కున్న రికార్డుకు ఫీజు కట్టి ఇలాంటి నకలు అడిగే హక్కు చట్టంలోనే ఉంది. పాత సాక్ష్య చట్టంలో 76వ సెక్షన్‌గా ఉన్న ఆ మాట, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 75వ సెక్షన్‌ అయింది. కోర్టులో దీని విలువ ఎక్కువ. తేదీ నుంచి ముద్ర దాకా ఆ అయిదింటిలో ఒకటి లేకపోతే మాత్రం అది ఖరీదైన జిరాక్స్‌ మాత్రమే.

మూడోది డూప్లికేట్‌. కొత్త కాగితం మీద, డూప్లికేట్‌ అన్న గుర్తుతో బోర్డు మళ్లీ జారీ చేసేది. అసలు అడిగినచోటల్లా ఇది పనికొస్తుంది. ఇదీ పోగొట్టుకుంటే ట్రిప్లికేట్‌ అని ఇంకొకటి ఉంది. మనవాళ్ల జాగ్రత్త గురించి ప్రభుత్వానికి ముందే అంచనా ఉన్నట్టుంది.

నాలుగోది జెన్యూన్‌నెస్‌ వెరిఫికేషన్‌. ఇది మన చేతికి వచ్చే కాగితం కాదు. ఉద్యోగం ఇచ్చిన సంస్థ మన సర్టిఫికెట్‌ నకలును బోర్డుకు పంపి, మీ రికార్డుతో సరిపోతోందా అని అడుగుతుంది. బోర్డు జవాబు నేరుగా ఆ సంస్థకే పోతుంది. ఈ జవాబును మన చేతికే తెచ్చిస్తానని ఎవరైనా అంటే, అది ఎక్కడ తయారైందో అనుమానించాలి.

ఒక కేసు మొదటినుంచీ

ఒకాయన ఉన్నాడనుకుందాం. జనగామ దగ్గరి ఒక జిల్లా పరిషత్‌ ఉన్నత పాఠశాలలో చదివి 1996 మార్చిలో పదో తరగతి పాసయ్యాడు. ఇల్లు మారేటప్పుడు ఫైలు పోయింది. ఇప్పుడు పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు కావాలి. 2023 అక్టోబరు 1న గాని ఆ తర్వాత గాని పుట్టినవారికైతే జనన ధృవపత్రం ఒక్కటే రుజువు. అంతకుముందు పుట్టినవారికి పదో తరగతి సర్టిఫికెట్‌ చెల్లుతుంది. ఆ తరంలో చాలామందికి జనన ధృవపత్రం లేనే లేదు. బళ్లో చేర్చేటప్పుడు అయ్యవారు అంచనా వేసి రాసిన తేదీయే వాళ్లకు అధికారికమైన పుట్టినరోజు.

ఆయన మొదట పోవలసింది పోలీసుస్టేషనుకు కాదు, తన పాత కాగితాల దగ్గరికే. బోర్డులో వరుస దొరకాలంటే హాల్‌టికెట్‌ నంబరు, పరీక్ష నెల, సంవత్సరం, బడి పేరు కావాలి. మార్చిలో తప్పి సప్లిమెంటరీలో పాసయినవాళ్లు రెండు నంబర్లూ, రెండు నెలలూ చెప్పాలి. 'మార్చి 1996' అని రాస్తే వెతికేది మార్చి రిజిస్టరులోనే. అందులో వాళ్లు తప్పినట్టే ఉంటుంది. నంబరు గుర్తులేకపోతే, ఆ సర్టిఫికెట్‌ జిరాక్స్‌ ఇదివరకు ఎక్కడెక్కడ ఇచ్చాడో తలుచుకోవాలి. ఇంటర్‌లో చేరిన కాలేజీ, ఎంప్లాయ్‌మెంట్‌ ఎక్స్ఛేంజి, పాత ఉద్యోగం, ప్రభుత్వోద్యోగి అయితే సర్వీసు రిజిస్టరు. ఎక్కడా లేకపోతే చదివిన బడిలో ఆ ఏటి నామినల్‌ రోల్స్‌ ఉంటాయి. పరీక్షకు ఎవరెవరిని పంపారన్న జాబితా అది. అందులో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీతో పాటు పుట్టుమచ్చలు కూడా ఉంటాయి. కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి మీద ఒకటి అని తొమ్మిదో పదో తరగతిలో క్లాస్‌టీచరు హడావిడిగా రాసుకున్న ఆ రెండు ముక్కలు సర్టిఫికెట్‌ మీదికీ ఎక్కాయి. మచ్చ లేనివాళ్లకు కూడా టీచరు ఏదో ఒకటి వెతికి పెట్టేవారు.

తర్వాత పోలీసు కాగితం. ఇక్కడ మాట జాగ్రత్త. వస్తువు జారిపోవడం నేరం కాదు కాబట్టి దానికి ఎఫ్‌ఐఆర్‌ ఉండదు. ఫిర్యాదు తీసుకుని జనరల్‌ డైరీలో రాసుకుంటారు, విచారించాక దొరకలేదని నాన్‌ ట్రేసబుల్‌ సర్టిఫికెట్‌ ఇస్తారు. దొంగతనం జరిగితేనే ఎఫ్‌ఐఆర్‌. ఎఫ్‌ఐఆర్‌ అయితే గట్టిగా ఉంటుందని బస్సులో మరిచిపోయిన ఫైలును దొంగలెత్తుకుపోయారని రాయిస్తే, లేని నేరానికి ఫిర్యాదుదారు అయినట్టు. ఫిర్యాదులో పోయిన చోటు, సుమారు తేదీ, సర్టిఫికెట్‌ పేరు, హాల్‌టికెట్‌ నంబరు, సంవత్సరం అన్నీ ఉండాలి. 'నా సర్టిఫికెట్లు పోయినవి' అన్న ఒక్క వాక్యానికి వచ్చే పోలీసు కాగితం బోర్డులో నిలవదు, ఏ సర్టిఫికెట్లో అందులో ఉండదు కాబట్టి. మూడు పోతే మూడింటి వివరాలూ ఒకే ఫిర్యాదులో రాయడం మేలు.

మూడోది అఫిడవిట్‌. నాన్‌ జుడీషియల్‌ స్టాంపు పేపరు మీద రాయించి ప్రమాణం చేసేది. స్టాంపు పేపరు దరఖాస్తుదారు పేరు మీదే కొనాలి. వెండరు తొందరలో బావమరిది పేరు రాస్తే అక్కడే ఆగిపోతుంది. ప్రమాణం నోటరీ ముందు చాలా, ఫస్ట్‌క్లాస్‌ మేజిస్ట్రేటు ముందే చేయాలా అన్నది దరఖాస్తు నియమాల్లో చూసుకోవాలి. నోటరీ సరిపోతుందనుకుని వెళ్లి మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. అందులో రాయవలసిన సారం ఇంతే: నేను ఫలానా, ఫలానా బడి నుంచి ఫలానా నెల, సంవత్సరంలో ఫలానా నంబరుతో పాసయ్యాను. సర్టిఫికెట్‌ ఫలానా విధంగా పోయింది. దాన్ని ఎక్కడా తాకట్టు పెట్టలేదు, ఎవరికీ ఇవ్వలేదు. మున్ముందు దొరికితే బోర్డుకు అప్పగిస్తాను. పై వివరాలు అబద్ధమైతే చట్టపరమైన చర్యకు బాధ్యుణ్ని. ఇందులో తాకట్టు మాట ఊరికే లేదు. ఫీజు బాకీ కింద కాలేజీ అట్టిపెట్టుకున్న సర్టిఫికెట్‌ను 'పోయింది' అని డూప్లికేట్‌ తీసుకునే దారి కొందరు కనిపెట్టారు. అలా ప్రమాణం చేస్తే అది తప్పుడు ప్రమాణమే. ఉన్నత విద్యాసంస్థలు విద్యార్థుల ఒరిజినల్స్‌ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ ఆదేశాలు ఉన్నాయి. అక్కడ చేయవలసింది ఫిర్యాదు, అఫిడవిట్‌ కాదు.

నాలుగో మెట్టు హెడ్‌మాస్టరు. దరఖాస్తు చదివిన బడి ద్వారా వెళ్లాలి, ఎందుకంటే మనిషికీ వరుసకూ సంబంధం చెప్పగలిగేది ఆయన దగ్గరున్న ప్రవేశ రిజిస్టరు. ఆయన అందులోని వివరాలతో సరిచూసి, కవరింగ్‌ లెటరు రాసి, సంతకం, ముద్ర వేసి పంపిస్తారు. ముప్పై ఏళ్ల కిందటి రిజిస్టరు అంటే స్టోరు గదిలో పాత బల్లల వెనక ఉండే సరుకు. పరీక్షల రోజుల్లోనో అడ్మిషన్ల రోజుల్లోనో వెళ్లి అడిగితే వెతికే ఓపిక ఎవరికీ ఉండదు. ప్రవేశ సంఖ్య మన టీసీ మీద ఉంటుంది. అది తెలిస్తే పని అరగంటలో అవుతుంది, తెలియకపోతే అది హెడ్‌మాస్టరు మంచితనం మీద ఆధారపడుతుంది. బడి ప్రైవేటుదై మూతపడి ఉంటే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో గాని, జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో గాని దాని రికార్డులు ఎక్కడికి చేరాయో కనుక్కోవాలి.

మన జనగామ ఆయనకు ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. 1996లో ఆయన బడి వరంగల్‌ జిల్లాలో ఉంది. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చాక జనగామ జిల్లాలో ఉంది. బోర్డు రిజిస్టరులో పాత జిల్లాయే ఉంటుంది, హెడ్‌మాస్టరు ముద్ర మీద కొత్తది ఉంటుంది. రెండూ రాసి, ఏది ఎప్పటిదో చెబితే సరిపోతుంది. ఒక్కటే రాస్తే రికార్డు దొరకలేదన్న జవాబు రావచ్చు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయిన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే సంగతి. ఉమ్మడి రాష్ట్రంలో చదివినవాళ్లు హైదరాబాద్‌ వెళ్లాలా విజయవాడ వెళ్లాలా అని మథనపడతారు గాని, దరఖాస్తు బడి నుంచి పోతుంది కాబట్టి ఆ బడి ఇప్పుడు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర కార్యాలయానికే చేరుతుంది.

చివరిది ఫీజు. చలానాలో మొత్తం కన్నా ముఖ్యమైనది పద్దు సంఖ్య, హెడ్‌ ఆఫ్‌ అకౌంట్‌. ఒక్క అంకె తప్పితే డబ్బు ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది గాని వేరే శాఖ పేర చేరుతుంది. దాన్ని వెనక్కి రప్పించుకోవడం కన్నా మళ్లీ కట్టడం తేలిక. ఫీజు, పద్దు, జతచేయవలసిన కాగితాల జాబితా మారుతుంటాయి కాబట్టి ఎవరో కట్టిన పాత చలానా చూసి కట్టకుండా, తెలంగాణవాళ్లు bse.telangana.gov.in లో, ఆంధ్రప్రదేశ్‌వాళ్లు bse.ap.gov.in లో చూసుకోవాలి. పంపే కట్ట మొత్తాన్ని ఒక సెట్టు జిరాక్స్‌ తీసి పెట్టుకోమని ఎవరూ చెప్పరు. పోయిన సర్టిఫికెట్‌ కోసం పెట్టిన దరఖాస్తు కూడా పోగలదు.

చిరిగితే, తడిస్తే

పాడైన సర్టిఫికెట్‌ దారి వేరు, పోయినదాని కంటే సులువు. కాగితం చేతిలోనే ఉంది కాబట్టి పోయిందన్న రుజువు అవసరం లేదు, పోలీసు కాగితంతో పని లేదు. పాడైన ఒరిజినల్‌నే దరఖాస్తుతో పాటు అప్పగించి మరొకటి అడగాలి. కాబట్టి ముక్కలను పారేయకూడదు. చెదలు తిన్న సర్టిఫికెట్‌లో హాల్‌టికెట్‌ నంబరు, ముద్రలో సగం మిగిలినా చాలా విలువ. చూడడానికి అసహ్యంగా ఉందని పారేసి, ఆనక పోయిందని చెప్పడం అంటే సులువైన దారి వదిలి కష్టమైన దారి పట్టడం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ వైపు ఇళ్లు మునిగినప్పుడు, బీరువా అడుగు అరలో ఉన్న ఫైళ్లు ముద్దయిపోయాయి. తడి కాగితాలు ఒకదానికొకటి అంటుకున్నప్పుడు లాగకూడదు, ఎండలో పెట్టకూడదు, ఇస్త్రీ అసలే చేయకూడదు. నీడలో, ఫ్యాను గాలికి, పీల్చుకునే కాగితాల మధ్య పెట్టి వాటంతటవే విడేదాకా ఆగాలి. అచ్చు అక్షరాలు సాధారణంగా నిలుస్తాయి. చేత్తో సిరాతో రాసినవి, రబ్బరు స్టాంపు ముద్రలు పాకిపోతాయి. పాత సర్టిఫికెట్లలో పేరు, పుట్టిన తేదీ చేతిరాతే కాబట్టి, పోయేది సరిగ్గా మనకు కావలసిన చోటే.

ఈ భయానికే చాలామంది లామినేషన్‌ చేయిస్తారు. ఆ వేడికి, ఆ జిగురుకు కాగితం శాశ్వతంగా ప్లాస్టిక్‌తో కలిసిపోతుంది. తర్వాత విదేశాల కోసం అపోస్టిల్‌ వేయించాలంటే కాగితం వెనక స్టిక్కరు, ముద్ర పడాలి. ప్లాస్టిక్‌ మీద సిరా నిలవదు, చాలాచోట్ల లామినేట్‌ చేసినదాన్ని తీసుకోరు. పొర ఊడదీస్తే అక్షరాలు పొరతో పాటే వస్తాయి. కాపాడడానికి చేసిన పనే పాడుచేసిన పని అయ్యి, డూప్లికేట్‌కు దరఖాస్తు పెట్టుకోవలసి వస్తుంది. పారదర్శకమైన ప్లాస్టిక్‌ కవరులో ఊరికే దోపితే చాలు.

డూప్లికేట్‌ చేయలేని పని

డూప్లికేట్‌ రిజిస్టరులో ఉన్నది ఉన్నట్టు దించుతుంది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుంటే ఆ తప్పు కూడా నమ్మకంగా దించుతుంది. ఆధార్‌లో వేరేగా ఉంది, ఎలాగూ కొత్తది ఇస్తున్నారు కదా, సరిచేసి ఇవ్వమని అడిగితే కుదరదు. పేరు, పుట్టిన తేదీ దిద్దడం వేరే దరఖాస్తు, వేరే నియమాలు. రెండూ కలిపి ఒకే కాగితంలో అడిగితే రెండూ ఆగిపోతాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు కూడా దరఖాస్తు పాత పేరుతోనే రాసి, అఫిడవిట్‌లో రెండు పేర్లూ ఒకే మనిషివని చెప్పాలి.

ఇటీవలి ఏళ్లలో పాసయినవాళ్లు ఈ తిరుగుడుకు ముందు డిజిలాకర్‌ చూడాలి. అందులో Issued Documents అన్న విభాగంలో బోర్డు నుంచి నేరుగా వచ్చిన సర్టిఫికెట్‌ ఉంటే, 2017లో సవరించిన డిజిటల్‌ లాకర్‌ నిబంధనల్లోని 9ఎ ప్రకారం అది భౌతికమైన ఒరిజినల్‌తో సమానం. మనమే ఫొటో తీసి పెట్టుకున్నది వేరే విభాగంలో ఉంటుంది, దానికి ఆ విలువ లేదు. రెండూ ఒకే ఫోనులో ఒకే యాప్‌లో కనబడతాయి కాబట్టి ఈ తేడా కౌంటరు దగ్గర బయటపడుతుంది. 1996 నాటి మనిషికి మాత్రం డిజిలాకర్‌లో దొరికితే అదృష్టమే అనుకోవాలి.

మిగతా సర్టిఫికెట్లకు కూడా సూత్రం ఇదే, రిజిస్టరు మాత్రం మారుతుంది. ఇంటర్‌కు ఇంటర్మీడియట్‌ బోర్డు, డిగ్రీకి విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం. పత్రికా ప్రకటన లాంటివి అక్కడ అడిగితేనే ఇవ్వాలి. రిజిస్టరైన దస్తావేజు పోతే డూప్లికేట్‌ అంటూ లేదు. డాక్యుమెంటు నంబరు, సంవత్సరం చెప్పి సబ్‌రిజిస్ట్రారు దగ్గర ధృవీకృత నకలు తీసుకోవాలి. విదేశాల్లో ఉన్నవాళ్లు అఫిడవిట్‌ను అక్కడి భారత కాన్సులేటులో చేయించి, ఇక్కడ తిరగబోయే తల్లిదండ్రులకో తమ్ముడికో అధికార పత్రం పంపాలి. తమ్ముడికి ఫోనులో చెప్పాం కదా అంటే ఆఫీసు ఒప్పుకోదు.

ఇంత చదివాక చేయవలసిన పని చిన్నది. ఈ రోజే మీ హాల్‌టికెట్‌ నంబరు, పరీక్ష నెల, సంవత్సరం, బడి పేరు, అప్పటి జిల్లా, టీసీ మీది ప్రవేశ సంఖ్య ఒక కాగితం మీద రాయండి. సర్టిఫికెట్‌ రెండు వైపులా జిరాక్స్‌ తీసి ఆ కాగితంతో కలిపి, ఒరిజినల్‌ ఉన్న ఇంట్లో కాకుండా మరో ఇంట్లో పెట్టండి. ఒరిజినల్‌ ఉన్న ఫైల్లోనే జిరాక్స్‌ కూడా పెట్టేవాళ్లు చాలామంది. ఫైలు పోయిన రోజున రెండూ కలిసే పోతాయి.